‘మూడేళ్ళుగా నొప్పి’: డిశ్చార్జ్ సమ్మరీలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయే క్లెయిమ్

బెంగళూరులో ఏ పెద్ద ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినా పేషెంటు ఫైల్లో నాలుగైదు పేజీల ఇంగ్లీషు డిశ్చార్జ్ సమ్మరీ ఒకటి ఉంటుంది. ఇంటివాళ్ళు తెలిసినవాళ్ళతో చదివించుకునేది దాని చివరి పేజీ. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఏం తినకూడదు, కుట్లు విప్పడానికి ఎప్పుడు రావాలి అన్నవి అక్కడుంటాయి. ఇన్సూరెన్స్ డబ్బు మాత్రం మొదటి పేజీ మీద ఆధారపడి ఉంటుంది. ముఖ్యంగా ‘చీఫ్ కంప్లైంట్స్’, ‘పాస్ట్ హిస్టరీ’ అన్న రెండు శీర్షికల కింద, రోగం ఎంతకాలంగా ఉందో చెప్పే ఒకటి రెండు వాక్యాల మీద. క్లెయిమ్ పరిశీలించే డాక్టరు బిల్లుకంటే ముందు చదివేది వాటినే.

ఒక కేసు పెట్టుకుని చూద్దాం. ఇది ఫలానా కుటుంబానిది కాదు. ఇలాంటి కాగితాల్లో మళ్ళీ మళ్ళీ కనబడే చిక్కులను ఒకచోట చేర్చి కట్టినది, అంకెలు కూడా లెక్క తెలియడానికి వేసుకున్నవే. మదనపల్లెలో ఉండే యాభై ఆరేళ్ళ తల్లి, బెంగళూరు కె.ఆర్. పురంలో ఉండే కొడుకు. కొడుకు తన పేరు మీద తల్లిని కూడా కలిపి 2023 ఆగస్టు 10న ఐదు లక్షల ఫ్యామిలీ పాలసీ తీసుకుని, ఏటా గడువు తప్పకుండా కడుతున్నాడు. 2025 నవంబర్ మొదటి వారంలో ఆమెకు కడుపులో కుడివైపు గట్టిగా నొప్పి వచ్చింది. 4వ తేదీన మదనపల్లెలోనే స్కానింగ్ తీయిస్తే పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. కొడుకు దగ్గరికి వచ్చాక నొప్పి ముదిరి, 12వ తేదీ రాత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళారు. మర్నాడు లాపరోస్కోపీ పద్ధతిలో పిత్తాశయం తీసేశారు. 15న డిశ్చార్జ్.

క్యాష్‌లెస్ అడిగితే ఇన్సూరెన్స్ వైపు నుంచి వచ్చిన జవాబు: జబ్బు ఎప్పటినుంచి ఉన్నదీ ఈ దశలో తేల్చలేకపోతున్నాం, అందుకే క్యాష్‌లెస్ ఇవ్వలేం, కాగితాలన్నీ పెట్టి రీయింబర్స్‌మెంట్‌కు రండి. ఇది క్లెయిమ్ కొట్టేయడం కాదు. చాలామంది ఇక్కడే ‘ఇన్సూరెన్స్ రాదంట’ అని వదిలేస్తారు. అలా వదిలేయకూడదు. ఆ ఉత్తరంలో వాళ్ళకున్న అనుమానం ఏమిటో వాళ్ళే చెప్పేశారు, కట్టాల్సిన కాగితాల ఫైలంతా ఆ అనుమానానికి జవాబుగా ఉండాలి.

అనుమానం ఎక్కడినుంచి పుట్టింది? డిశ్చార్జ్ సమ్మరీలో చీఫ్ కంప్లైంట్స్ కింద ఇలా ఉంది: సి/ఓ పెయిన్ అబ్డామెన్, ఆన్ అండ్ ఆఫ్ సిన్స్ త్రీ ఇయర్స్, ఇన్‌క్రీజ్డ్ సిన్స్ వన్ వీక్. సి/ఓ అంటే పేషెంటు చెప్పుకున్న బాధ. మూడేళ్ళుగా వస్తూ పోతూ ఉన్న కడుపునొప్పి వారం నుంచి ఎక్కువైంది అని ఆ వాక్యానికి అర్థం. 2025 నవంబర్ నుంచి మూడేళ్ళు వెనక్కి లెక్కపెడితే 2022 నవంబర్. పాలసీ మొదలైంది 2023 ఆగస్టులో. అంటే పాలసీకి తొమ్మిది నెలల ముందే జబ్బుంది అన్నది పరిశీలకుడి లెక్క.

ఈ లెక్కకు అంత బలం ఎందుకంటే పాలసీలో రెండు వేర్వేరు వెయిటింగ్ పీరియడ్లు, అంటే ఆ జబ్బుకు కంపెనీ డబ్బివ్వని గడువులు, ఉంటాయి. పిత్తాశయ రాళ్ళు, హెర్నియా, కంటి శుక్లాల్లాంటి కొన్ని జబ్బులకు పేరుపేరునా రాసిపెట్టిన గడువు ఒకటి. ఈ పాలసీలో అది 24 నెలలు, 2025 ఆగస్టుకే తీరిపోయింది. రెండోది, పాలసీకి ముందే ఉన్న జబ్బులకు పెట్టే గడువు. 2024 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం అది 36 నెలలకు మించకూడదు, అంతకుముందు 48 దాకా ఉండేది. ఈ పాలసీలో 36 నెలలు రాసి ఉంది కాబట్టి అది 2026 ఆగస్టు దాకా తీరదు. ఒకే జబ్బు రెండు జాబితాల్లోకీ వస్తే ఏ గడువు పెద్దదో అదే వర్తిస్తుంది. కాబట్టి రాళ్ళు కొత్తగా బయటపడ్డవైతే డబ్బు వస్తుంది, పాలసీకి ముందే తెలిసినవైతే రాదు. లక్ష రూపాయల పైచిలుకు మొత్తం ‘సిన్స్ త్రీ ఇయర్స్’ అన్న మూడు మాటల మీద నిలబడి ఉంది.

కొడుకు ఉద్యోగం చేసే కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులు కూడా ఉంటే సంగతి వేరు. అలాంటి చాలా పాలసీల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. ఆ కార్డు ఉన్నవాళ్ళు ముందు దాన్నే చూసుకోవాలి.

ఇప్పుడు ఆ వాక్యం అసలు ఎలా రాయబడిందో చూడాలి. రాత్రి పదిన్నర దాటాక క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు కన్నడంలో ‘ఎష్టు దినదింద’ అని అడుగుతాడు, లేదా వచ్చీరాని తెలుగులో ‘ఎన్ని రోజులుగా’ అంటాడు. నొప్పితో మెలికలు తిరుగుతున్న తల్లి ‘గ్యాస్ నొప్పి నాయనా, మూడేళ్ళ నుంచీ అప్పుడప్పుడూ వస్తానే ఉంది’ అంటుంది. పక్కనున్న కొడుకో కోడలో అదే మాటను ఇంగ్లీషులో చెప్తారు. డాక్టరు అడిగింది చికిత్స కోసం. అతనికి పాలసీ తేదీతో పనిలేదు, ‘గ్యాస్’ అన్న మాట రోగి ఊహ కాబట్టి దాన్ని వదిలేసి ‘పెయిన్ అబ్డామెన్’ అని మాత్రం రాసుకుంటాడు. మూడు రోజుల తర్వాత ఇంకో జూనియర్ డాక్టరు ఆ కేస్ షీట్ చూసి డిశ్చార్జ్ సమ్మరీ టైప్ చేస్తాడు. మూడేళ్ళుగా అప్పుడప్పుడూ వచ్చిన తేన్పులూ కడుపుబ్బరమూ, వారం కిందట మొదలైన రాళ్ళ నొప్పీ ఒకే వాక్యంలో ఒకే నొప్పి అయిపోతాయి. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ తప్పు రాయలేదు కూడా. అయినా కాగితం చెప్పేది జరిగినదానికి వేరుగా ఉంది.

పాలసీ రాతలో ‘ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్’కు ఉన్న నిర్వచనం కుటుంబానికి ఇక్కడ అసలు ఆధారం. పాలసీ మొదలైన తేదీకి ముందు 36 నెలల్లోపు డాక్టరు నిర్ధారించిన జబ్బు, లేదా ఆ వ్యవధిలో దానికి డాక్టరు సలహాగానీ చికిత్సగానీ సూచించిన, అందించిన జబ్బు. అంతే. లక్షణం ఎప్పుడు మొదలైందన్నది ఆ నిర్వచనంలో లేదు. మెడికల్ షాపులో కొని వేసుకున్న గ్యాస్ మాత్ర డాక్టరు ఇచ్చిన చికిత్స కాదు. తల్లి నిజంగానే మూడేళ్ళు కడుపుబ్బరంతో బాధపడి ఉన్నా, రాళ్ళున్న సంగతి 2025 నవంబర్ 4కు ముందు ఏ డాక్టరూ చెప్పలేదు. కాబట్టి ఇక్కడ వాదించాల్సింది ‘మూడేళ్ళు కాదు, వారమే’ అని కాదు. జబ్బు మొదటిసారి తేలింది ఏ రోజున, ఏ కాగితంతో అన్నది చూపించాలి.

ఆ కాగితం మదనపల్లె స్కానింగ్ రిపోర్టు. పద్నాలుగు వందల రూపాయల బిల్లు కదా అని చాలా ఇళ్ళల్లో దాన్ని ఫైల్లో పెట్టరు. కొందరు బెంగళూరులో మళ్ళీ స్కాన్ తీశారు కాబట్టి పాతది ఎందుకని ఊళ్ళోనే వదిలేసి వస్తారు. ఈ కేసులో అన్నిటికంటే విలువైన కాగితం అదే. దాని మీద తేదీ ఉంది, పేషెంటు పేరుంది, రాళ్ళున్నాయన్న మాట మొదటిసారి కనబడేది దాని మీదే. స్కాన్ తీయమని రాసిన డాక్టరు చీటీ కూడా దానికి జత చేయాలి, ఎందుకంటే ఆ చీటీ మీద ‘నాలుగు రోజులుగా నొప్పి’ అనో మరోలాగో ఆ రోజు చెప్పిన మాట ఉంటుంది. అడ్మిషన్‌కు ముందు 30 రోజుల్లోపు ఖర్చులు చాలా పాలసీలు ఇస్తాయి కాబట్టి ఆ బిల్లు డబ్బు కూడా వెనక్కి వస్తుంది.

ఒకవేళ 2022లో ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్ళి ‘గ్యాస్ట్రైటిస్’ అని మందులు రాయించుకుని ఉంటే? ఆ చీటీని దాచడం కంటే పెట్టడమే మంచిది. అప్పట్లో స్కాన్ తీసి ఉండి, అందులో రాళ్ళు లేకపోతే అది కుటుంబానికే బలం. రాళ్ళు ఉండి ఉంటే మాత్రం కంపెనీ కొట్టేయడం న్యాయమే, దాన్ని మాటలతో మార్చలేం.

డిశ్చార్జ్ సమ్మరీలో మాట సరిచేయించడం ఎలాగన్నది తర్వాతి ప్రశ్న. మామూలుగా జరిగేది, కొడుకు వార్డుకు వెళ్ళి ‘ఆ మూడేళ్ళు తీసేసి కొత్త ప్రింట్ ఇవ్వండి’ అని బతిమాలడం. కొన్ని చోట్ల ఇస్తారు కూడా. అది క్లెయిమ్‌ను కాపాడదు, పాడుచేస్తుంది. కంపెనీగానీ, దాని తరఫున క్లెయిములు చూసే టీపీఏగానీ అడిగితే ఆసుపత్రి లోపలి కేస్ షీట్ నకళ్ళు ఇస్తుంది. వాటిలో క్యాజువాలిటీ డాక్టరు చేత్తో రాసిన ‘త్రీ ఇయర్స్’ అలాగే ఉంటుంది. క్యాష్‌లెస్ అడిగినప్పుడు పంపిన ఫారంలో కూడా అదే ఉండవచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాడికి సమ్మరీ దిద్దారన్న సంగతి కనబడుతుంది, ఆపైన నిజమైన కాగితాలను కూడా అనుమానంగానే చూస్తాడు.

సరైన దారి, సమ్మరీని ముట్టుకోకుండా దానికి తోడుగా చికిత్స చేసిన సర్జన్ నుంచి ఒక వివరణ లేఖ తీసుకోవడం. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, తేదీ, సంతకం, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉండాలి. అందులో ఉండాల్సిన సంగతి ఇంతే: అడ్మిషన్ సమయంలో రాసుకున్న మూడేళ్ళు అన్నది అజీర్తి తరహా అస్పష్ట లక్షణాల గురించి పేషెంటు చెప్పిన మాట, పిత్తాశయ రాళ్ళు మొదటిసారి తేలింది 2025 నవంబర్ 4 నాటి స్కాన్‌లో, అంతకుముందు ఈ జబ్బుకు నిర్ధారణగానీ చికిత్సగానీ జరిగినట్టు మా దృష్టికి రాలేదు. సర్జన్ ఓపీలో ఉండగా స్కాన్ రిపోర్టు చేతిలో పెట్టి అడిగితే చాలామంది రాసిస్తారు, ఎందుకంటే అందులో అబద్ధమేదీ లేదు. ఈ పని డిశ్చార్జ్ రోజే జరిగితే మరీ మంచిది. బిల్లు కట్టే హడావిడిలో సమ్మరీ మొదటి పేజీ చదివేవాళ్ళుండరు, కానీ ఆ రోజు సర్జన్ రౌండ్స్‌కు వస్తాడు, వారం పోతే అపాయింట్‌మెంటు తీసుకుని వెళ్ళాలి.

డిశ్చార్జ్ తర్వాత వారం పది రోజులకు ఇంకో కాగితం వస్తుంది. తీసేసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపిన హిస్టోపాథాలజీ రిపోర్టు అది. దాని మీద చాలాసార్లు ‘క్రానిక్ కోలిసిస్టైటిస్’, అంటే పిత్తాశయానికి దీర్ఘకాలిక వాపు, అని ఉంటుంది. క్రానిక్ అన్న మాట చూసి ‘ఇదిగో పాత జబ్బే’ అనే పరిశీలకులూ ఉంటారు, చూసి భయపడి ఆ రిపోర్టును పెట్టని కుటుంబాలూ ఉంటాయి. సమ్మరీలో ‘బయాప్సీ రిపోర్ట్ అవేటెడ్’ అని రాసి ఉంటే కంపెనీ దాన్ని తప్పకుండా అడుగుతుంది. ఆ మాట కణజాలంలో కనబడిన మార్పుల రకాన్ని చెప్తుంది. డాక్టరు ఏ రోజు జబ్బు కనిపెట్టాడో చెప్పదు. రాళ్ళు బయటపడిన తొలి వారంలోనే ఆపరేషన్ అయిన మనిషి రిపోర్టులో కూడా అలా రావడం మామూలే. సర్జన్ లేఖలో ఈ సంగతికి ఒక వాక్యం పెట్టించగలిగితే మంచిది.

పాస్ట్ హిస్టరీ కింద ఇంకో వాక్యం ఉంది: కె/సి/ఓ టి2డీఎం, ఆన్ ఓహెచ్ఏ. డాక్టరు ముందే నిర్ధారించిన షుగర్ వ్యాధి ఉంది, దానికి మాత్రలు వేసుకుంటోంది అని అర్థం. కె/సి/ఓ కనబడిన ప్రతిచోటా కుటుంబం ఆగి చూడాలి. కడుపునొప్పిలాగా ఇది పేషెంటు ఊహించి చెప్పిన లక్షణం కాదు, తెలిసిన జబ్బు. ఈ తల్లికి 2021 నుంచి షుగర్ ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు ప్రపోజల్ ఫారంలో ఆ సంగతి రాశారు కాబట్టి దారి సులువు. షుగర్ వల్ల వచ్చే చికిత్సలకు 2026 ఆగస్టు దాకా గడువుంది, పిత్తాశయ ఆపరేషన్ షుగర్‌కు చేసిన చికిత్స కాదు. ఎవరైనా ఆ కారణం చూపితే ప్రపోజల్ నకలు పెట్టి జవాబు చెప్పవచ్చు.

ప్రపోజల్‌లో రాయకపోయి ఉంటే కష్టమే. ఏజెంటుకు నోటితో చెప్పాం, అతనే రాయలేదు అనే మాట చాలా ఇళ్ళల్లో వినబడుతుంది, కానీ సంతకం మనదే అవుతుంది. పాలసీ కాగితాలతో పాటు వచ్చిన ప్రపోజల్ నకలును తెరిచి, ఆరోగ్య ప్రశ్నలకు ఎదురుగా ఏం నింపారో క్లెయిమ్ వేయకముందే చూసుకోవాలి. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిచాక, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్‌ను ప్రశ్నించడానికి వీల్లేదు. ఇదీ 2024 నిబంధనల్లోనిదే. ఈ కేసులో 27 నెలలే కాబట్టి ఆ రక్షణ ఇంకా రాలేదు. అయినా సరే, షుగర్‌ను సమ్మరీ నుంచి తీయించే ప్రయత్నం మాత్రం చేయకూడదు. మత్తు ఇచ్చే ముందు తీసిన రక్తపరీక్షల్లో, ఇన్సులిన్ ఇచ్చిన నర్సింగ్ చార్టులో అది ఉండనే ఉంది.

ఇక ఫారం. రీయింబర్స్‌మెంట్ క్లెయిమ్ ఫారం రెండు భాగాలు. పార్ట్ ఏ కుటుంబం నింపేది, పార్ట్ బి ఆసుపత్రి నింపి ముద్ర వేసేది. పార్ట్ ఏలో అన్నిటికంటే ఆలోచించి నింపాల్సిన గడి సెక్షన్ డిలో ఉంటుంది: దెబ్బ తగిలిన తేదీ, లేదా జబ్బు మొదటిసారి కనిపెట్టిన తేదీ, లేదా కాన్పు తేదీ. మూడిటికీ ఒకే గడి. కొందరు అక్కడ అడ్మిషన్ తేదీ వేస్తారు. కొందరు నిజాయతీగా ఆలోచించి నొప్పి మొదలైన ఏడాదిని వేస్తారు, తమకు తామే ఇబ్బంది తెచ్చుకుంటారు. గడి అడుగుతున్నది కనిపెట్టిన తేదీ, కాబట్టి స్కాన్ రిపోర్టు మీదున్న 04-11-2025 వేయాలి. సర్జన్ లేఖలో, స్కాన్ రిపోర్టులో, ఈ గడిలో అదే తేదీ కనబడితే పరిశీలకుడి మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

సెక్షన్ బిలో, పాలసీ మొదలైనప్పటి నుంచి గత నాలుగేళ్ళలో ఆసుపత్రిలో చేరారా అన్న ప్రశ్న ఉంది. రెండేళ్ళ కిందట జ్వరంతో ఒక్క రాత్రి ఊళ్ళో నర్సింగ్ హోంలో ఉన్నా అది లెక్కే. అదేం పెద్ద జబ్బు కాదులే అని ‘నో’ పెట్టడం తరచూ జరిగే పొరపాటు. అది చిన్న సంగతే, కానీ ఇన్వెస్టిగేటరు ఇంటికి వచ్చి అడిగినప్పుడు తల్లి మామూలుగా చెప్పేస్తుంది, ఫారంకీ మాటకీ తేడా పడుతుంది.

ఇన్వెస్టిగేటరు రావడం నేరం మోపడం కాదు, చాలా రీయింబర్స్‌మెంట్ కేసుల్లో జరిగేదే. అయితే అతను తెలుగులోనో కన్నడంలోనో అడిగి, జవాబును ఇంగ్లీషులో రాసుకుని, కింద సంతకం పెట్టించుకుంటాడు. క్యాజువాలిటీలో జరిగిందే ఇక్కడ మళ్ళీ జరగవచ్చు. తల్లికి ఇంగ్లీషు రాకపోతే, ఆమె మాటను ఆమె చేతనే తెలుగులో రాయించి సంతకం పెట్టించడం మంచిది. లేదా రాసినదాన్ని వాక్యం వాక్యం చదివి తెలుగులో చెప్పించుకుని, ఫోనులో ఫోటో తీసుకున్నాకే సంతకం పెట్టాలి.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. మనకు ఇంటిపేరు ముందు, పొడి అక్షరంగా. ఆసుపత్రి కంప్యూటర్లో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి, కౌంటరులో ఉన్నవాళ్ళు ఆ అక్షరాన్ని చివరికి నెడతారు. ఆధార్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాలసీలో అసలే ఉండదు. మదనపల్లె స్కానింగ్ సెంటరులో పేరు చివర ‘అమ్మ’ చేర్చి రాసేస్తారు. మన కళ్ళకు అవన్నీ ఒకే మనిషి పేర్లు. తెలియనివాడికి స్కాన్ రిపోర్టు మీదున్నది వేరే ఆడమనిషి అనిపించవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన కాగితం అక్కడే చిక్కుకుంటుంది. అడ్మిషన్ రోజే ఆధార్ చూపించి పాలసీలో ఉన్నట్టే పేరు వేయించుకోవడం సులభం. అప్పటికే తేడా వచ్చి ఉంటే, ఈ పేర్లన్నీ ఒకరివే అని సంతకంతో ఒక ఉత్తరం, ఆధార్ నకలుతో జత చేయాలి.

అలాగే ఫారంలో ప్రైమరీ ఇన్‌ష్యూర్డ్ అంటే పాలసీ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు, ఇక్కడ కొడుకు. ఆసుపత్రిలో చేరిన మనిషి వివరాలు సెక్షన్ సిలో వేరుగా రాయాలి. బ్యాంకు ఖాతా కొడుకుదే ఇవ్వాలి, బిల్లు అల్లుడి కార్డుతో కట్టినా సరే. పార్ట్ బిని ఆసుపత్రి రెండు మూడు రోజులు తీసుకుని ఇస్తుంది, కవరు అంటించి ఇచ్చినా విప్పి చూసుకోవాలి. ప్రైమరీ డయాగ్నసిస్ ఎదురుగా జబ్బును సూచించే ఐసీడీ కోడ్ ఉంటుంది. హఠాత్తుగా వచ్చిన అక్యూట్ వాపుతో కూడిన పిత్తాశయ రాళ్ళకు కె80.0, వాపు లేనివాటికి కె80.2. సమ్మరీలో ‘అక్యూట్ కోలిసిస్టైటిస్’ అని రాసి ఇక్కడ కె80.2 వేస్తే, అడ్మిషన్ రకం దగ్గర ఎమర్జెన్సీకి బదులు ప్లాన్డ్ అని టిక్ పెడితే, ముందే పెట్టుకున్న ఆపరేషన్ అన్న అర్థం వస్తుంది. ఆసుపత్రి క్లర్కుకు దీన్ని దిద్దడం ఐదు నిమిషాల పని, పంపేశాకైతే నెల పట్టే ఉత్తరప్రత్యుత్తరం.

క్లెయిమ్ ఆమోదమైనా డబ్బు మొత్తం రాదు, ఎంత తగ్గాలో కుటుంబానికి ముందే తెలిసి ఉండాలి. ఈ పాలసీలో గది అద్దె హద్దు రోజుకు ఐదు లక్షల్లో ఒక శాతం, అంటే 5,000. కొడుకు అమ్మకు సౌకర్యంగా ఉంటుందని 7,500 గది తీసుకున్నాడు. మూడు రోజులకు గది 22,500 బదులు 15,000 ఇస్తారు. అక్కడితో ఆగదు. గది స్థాయిని బట్టి పెరిగే సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్, నర్సింగ్ ఖర్చుల్ని కూడా అదే నిష్పత్తిలో, మూడింట రెండు వంతులకు కుదిస్తారు. బిల్లులో అవన్నీ కలిపి 66,000 అయితే 44,000 వస్తుంది. రోజుకు రెండున్నర వేలు ఎక్కువ పెట్టి తీసుకున్న గది ఖరీదు ఇలా దాదాపు ముప్పై వేలైంది. ఇది ఎవరూ అడ్మిషన్ కౌంటరులో చెప్పరు.

అయితే ఆ కోతకు హద్దుంది. మందులు, వాడి పారేసే వైద్య సామగ్రి, ఇంప్లాంట్లు, ల్యాబ్, స్కాన్ పరీక్షల ఖర్చును గది నిష్పత్తిలో తగ్గించకూడదు. ఐసీయూ ఖర్చును కూడా. ఈ బిల్లులో మందులు 24,000, పరీక్షలు 14,500. మందుల్లో గ్లవ్స్ వంటి, పాలసీ ఇవ్వని వస్తువులకు 3,600 పోతే మిగిలిన 20,400, పరీక్షల 14,500 పూర్తిగా రావాలి. మొత్తం 1,27,000 బిల్లుకు 93,900 వస్తే లెక్క సరిపోయినట్టు. సెటిల్‌మెంట్ కాగితంలో 82,000 పైచిలుకు కనబడితే మందులకూ పరీక్షలకూ కూడా మూడో వంతు కోత వేశారని అర్థం, ఆ పదకొండు వేల ఆరువందల కోసం రాతపూర్వకంగా అడగడం పూర్తిగా న్యాయం. ఈ లెక్క వేసుకోవాలంటే ఒకే అంకె ఉన్న బిల్లు పనికిరాదు, ప్రతి వస్తువూ విడిగా ఉన్న వివరమైన బిల్లు ఆసుపత్రి నుంచి అడిగి తీసుకోవాలి.

కాగితాలు పంపే గడువు పాలసీని బట్టి మారుతుంది. డిశ్చార్జ్ నుంచి 30 రోజులు అన్నది తరచూ కనబడే షరతు, కొన్నిటిలో ఇంకా తక్కువ. హిస్టోపాథాలజీ రిపోర్టు కోసం ఆగి గడువు దాటించుకోకూడదు. ఉన్నవి పంపి, మిగిలినది వస్తూ ఉందని కవరింగ్ లెటర్లో రాస్తే సరిపోతుంది. అసలు కాగితాలు వెళ్ళిపోతాయి కాబట్టి ప్రతి పేజీనీ స్కాన్ చేసుకునే పంపాలి.

ఇంత చేశాక కూడా ‘ప్రీ ఎగ్జిస్టింగ్’ అని కొట్టేస్తే, ఆ ఉత్తరంలో పాలసీలోని ఏ క్లాజు ప్రకారం కొట్టేశారో ఉండి తీరాలి. 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ఆ మాట స్పష్టంగా చెప్పింది. క్లెయిమ్ రివ్యూ కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదని కూడా చెప్పింది. ఆ క్లాజు నంబరు పట్టుకుని, నిర్వచనం పక్కన స్కాన్ తేదీ చూపిస్తూ, సర్జన్ లేఖ జత చేసి కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సబబుగా లేకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తిరస్కరణ అందిన ఏడాదిలోపు వెళ్ళాలి. కర్ణాటకకు అంబుడ్స్‌మన్ బెంగళూరులో ఉంటారు. అయితే ఫిర్యాదు ఎక్కడ వేయాలన్నది చికిత్స జరిగిన ఊరిని బట్టి కాదు, ఫిర్యాదుదారు నివాసాన్ని లేదా కంపెనీ శాఖను బట్టి ఉంటుంది. ఈ కొడుకు కె.ఆర్. పురంలో ఉంటున్నాడు కాబట్టి బెంగళూరులోనే వేయవచ్చు. పాలసీ మదనపల్లెలో ఉండే తండ్రి పేరు మీద అక్కడి శాఖలో తీసుకున్నదైతే, ఆపరేషన్ బెంగళూరులో జరిగినా ఫిర్యాదు హైదరాబాదు కార్యాలయానికి పంపాలి.